"చప్టా దాటరాదు" అట. మరి ఎప్పుడు దాటాలి?

కనిగిరి_బండోడు
మొన్న ఆదివారం మా బావని వెనకాల కూర్చోబెట్టుకుని పామూరు వైపు ఒక పల్లెకి పెళ్లిచూపులకి బయల్దేరా. బావది చెన్నై. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. మెయిన్ రోడ్డు వదిలి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి పోయాక వాగు వచ్చింది, దాని మీద చప్టా. పక్కనే కొత్త బోర్డు, పసుపు మీద నల్లటి అక్షరాలు: "చప్టా దాటరాదు". వాగులో చుక్క నీళ్లు లేవు. చప్టా నడిమధ్యలో మేకలు పడుకుని నెమరేస్తున్నాయి.

బండి ఆపేశా. చప్టా కుంగిందేమో, కింద బీటలిచ్చిందేమో అనుకున్నా. అడగడానికి మనిషి లేడు. వెనక్కి తిరిగి వేరే దారి పట్టుకుంటే పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువ, గంట ఆలస్యం. బావ ఊరికే ఉండక బోర్డు ఫోటో తీశాడు. పెళ్లివారింట్లో కాఫీ తాగుతూ ఆ ఫోటో పెద్దది చేస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు ఉంది: డు నాట్ క్రాస్ వెన్ కాజ్‌వే ఈజ్ అండర్ వాటర్.

"నీళ్లు పైన పారుతున్నప్పుడు" అన్న ముక్క తెలుగులో ఎగిరిపోయింది! బోర్డు చిన్నదే, ఒప్పుకుంటా. ఆ చిన్న చోట్లోనే షరతు పోకుండా తెలుగులో ఎట్టా రాయాలో చెప్పండి. ఇంగ్లీషుకి పట్టిన చోటు మనకెందుకు పట్టలేదు?

ఉలవపాడు_మామిడి
ముందు సంబంధం కుదిరిందా లేదా అది చెప్పు.

కనిగిరి_బండోడు
గంట ఆలస్యంగా పోతే ఏం కుదురుతుంది. "మా ఊరి దారే కనుక్కోలేని వాడు" అన్నార్ట వెనకాల.

రూటు_చెప్తా
అసలు ఆ దారిలో ఎందుకెళ్లారు? కనిగిరి నుంచి పామూరుకి తారురోడ్డు ఉంది కదా. దాని మీద నేరుగా పోయి ఊరి దగ్గర దిగితే చప్టానే తగలదు. నేను వారానికోసారి పోతా.

కనిగిరి_బండోడు
అడిగింది దారి కాదు సామీ. బోర్డు.

మాలకొండ_మాస్టారు
దీనికింత చర్చ అవసరం లేదు. సరైన వాక్యం ఎప్పటినుంచో ఉంది: "చప్టాపై నీరు ప్రవహించుచున్నప్పుడు దాటరాదు". నేను బడికి సైకిల్ తొక్కుకుంటూ పోయే రోజుల్లో సిమెంటు దిమ్మె మీద ఇట్లాగే రాసి ఉండేది. ఎవరో అందులో సగం కోసేశారు. తప్పు భాషది కాదు, కోసినవాడిది.

చేపలపులుసు
"చప్టా దాటరాదు" అంటే చప్టాకి దాటడం రాదని కదా అర్థం? నాకు ఈత రాదు, దానికి దాట రాదు. ఇద్దరం ఇంట్లో కూర్చుంటాం.

రేడియం_బాషా
ఒంగోల్లో ఇరవై రెండేళ్లుగా బోర్డులు చేస్తున్నా. మొదట కుంచె, ఇప్పుడు రేడియం షీటు కటింగు. ఆ ముక్క ఎట్టా ఎగిరిపోతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఎగరగొట్టినవాణ్నే.

కాంట్రాక్టరు వాట్సాప్‌లో ఇంగ్లీషు మేటర్ పంపిస్తాడు. కింద "తెలుగు కూడా వెయ్యి బాషా, పైన పెద్దగా రావాలి" అంటాడు. బోర్డు నాలుగడుగులకి మూడడుగులు. సగం తెలుగుకి, పావు ఇంగ్లీషుకి, మిగతా పావులో శాఖ పేరూ పని పేరూ. తెలుగుకి మిగిలేది ఒకటిన్నర అడుగు ఎత్తు. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, లైను మీద లైను దగ్గర దగ్గరగా పేర్చుకుంటా పోవచ్చు. మనకట్టా కుదరదు. పైన గుడి, కింద వత్తు. మాస్టారు రాసిన వాక్యంలో "ప్టా" ఉంది, "ప్ర" ఉంది, "న్న" ఉంది, "ప్పు" ఉంది. నాలుగూ కిందికి వేలాడతాయి. పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకోకుండా ఉండాలంటే మధ్యలో అక్షరం ఎత్తులో సగమన్నా ఖాళీ వదలాలి. అప్పుడు ఒకటిన్నర అడుగులో రెండు లైన్లే పడతాయి, అవి కూడా నాలుగంగుళాల అక్షరంతో. మాస్టారి వాక్యం ఆ రెండు లైన్లలో కూర్చోదు. అక్షరం రెండున్నర అంగుళాలకి దించాలి. దించితే దూరానికి కనపడదని బిల్లు ఆపుతారు. ఇక ఏం చేస్తాం, మాటలు తీసేస్తాం. తీసేటప్పుడు పొడుగు మాట ముందు పోతుంది. ఇక్కడ పొడుగు మాట "ప్రవహించుచున్నప్పుడు". షరతు మొత్తం ఉన్నది దాంట్లోనే.

కనిగిరి_బండోడు
బాషా భాయ్, నాలుగు రోజుల్నుంచి నాకు అర్థం కానిది ఇదే. అంటే పొడుగు మాటే బరువు మోస్తోందని చూడకుండా పొడుగ్గా ఉందని తీసేశారు.

రేడియం_బాషా
ఎవరూ చూడరబ్బయ్యా. ఫోన్లో "ఓకే" అని బొటనవేలు బొమ్మ వస్తుంది, కటింగుకి పెడతాం.

మాలకొండ_మాస్టారు
అయితే నా వాక్యం పదిహేడు అక్షరాలు. ఇప్పుడే లెక్కపెట్టాను. బోర్డు మీద ఉన్నది ఆరు. పదిహేడుకి చోటు లేకపోతే పెద్ద బోర్డు పెట్టాలి గానీ అర్థాన్ని కొయ్యకూడదు.

కావలి_కవిత
మాస్టారూ, ఆ పదిహేడులో ఎనిమిది ఒక్క "ప్రవహించుచున్నప్పుడు"కే పోయాయి. మా అమ్మ వాగు దగ్గర నిలబడి "అమ్మో, నీళ్లు ప్రవహించుచున్నవి" అనదు కదా, "పారుతున్నాయి" అంటుంది. "పైన నీళ్లు పారుతుంటే దాటొద్దు" అని రాస్తే పదకొండు. షరతు ఉంది, అర్థం ఉంది, పదకొండులోనూ వత్తులు రెండే.

రేడియం_బాషా
కవిత గారూ, మీరు చెప్పింది రెండు లైన్లలో పడుతుంది. పైన "పైన నీళ్లు పారుతుంటే", కింద "దాటొద్దు". కింది లైను పొట్టిది కాబట్టి దాన్ని ఇంకా పెద్దది చేసుకోవచ్చు.

మాలకొండ_మాస్టారు
"దాటొద్దు" అని ప్రభుత్వ బోర్డు మీద రాస్తారా? ఇంట్లో పిల్లాడికి చెప్పినట్టు ఉంది. "రాదు" అంటే నిషేధం, దానికో అధికారం ఉంది.

ఉలవపాడు_మామిడి
అధికారం ఉన్న బోర్డు చూసి మావాడు పెళ్లి పోగొట్టుకున్నాడు మాస్టారూ.

వాగు_అవతల
ఆ చప్టాకి ఇవతల రెండో ఊరు మాది. ఫోటో చూడకపోయినా ఏ బోర్డో తెలుసు. అది పెట్టిన రోజు నుంచి దాన్ని మేమెవరం చదవలా. రోజూ బడి ఆటోలు, పాల బండ్లు, శనగ ట్రాక్టర్లు అన్నీ దాని పక్క నుంచే పోతాయి. "దాటరాదు" అని రాసినచోట ఊరంతా దాటుతుంటే ఆ బోర్డుకి విలువ ఏముంటది?

మేం చూసేది రాయి. చప్టా మొదట్లో ఎడమ పక్క ఒక సున్నం రాయి ఉంది, మోకాలంత ఎత్తు. నీళ్లు దాని మొదలు తడిపితే నడిచేవాళ్లు ఆగుతారు. సగానికి వస్తే బండ్లు ఆగుతాయి. తల మునిగితే ఇక ఆ రోజుకి బడి లేదు. మా తాత చెప్పిన లెక్క, ఇప్పటికీ అదే.

సంబంధం తప్పిపోయినందుకు బాధే కానీ, మా ఊళ్లో ఇంకో ఇద్దరమ్మాయిలున్నారు.

ఉలవపాడు_మామిడి
చర్చ ఇప్పుడు దారిలో పడింది.

సుధ_సైటు
నేను రోడ్డు పనుల్లో సైటు ఇంజనీరుగా చేశాను. ఆ రాయి లెక్క కొట్టిపారేసేది కాదు, కానీ దానిలో ఒక లోపం ఉంది. దాని గురించి చెప్పాకే మాటల దగ్గరికి వస్తా.

చప్టా అంటే వాగు అడుగుకి కొంచెం పైన వేసిన సిమెంటు పలక. కింద తూములుంటాయి. మామూలు రోజుల్లో నీళ్లు తూముల్లోంచి పోతాయి, మనం పైన పోతాం. కాబట్టి వాగులో నీళ్లు ఉండటం ప్రమాదం కాదు. తూములు చాలక, లేదా తుమ్మకంప అడ్డంపడి మూసుకుపోయి, నీళ్లు పలక పైకెక్కితేనే ప్రమాదం. అందుకే ఇంగ్లీషులో "వాగులో నీళ్లుంటే" అనకుండా చప్టా మునిగినప్పుడు అన్నారు. కొందరు దీన్ని "నీరు ఉంటే దాటరాదు" అని కుదిస్తారు. అది ఇంకో రకం తప్పు. మన వైపు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తూముల కింద ఏదో కాస్త నీళ్లుంటూనే ఉంటాయి. మళ్లీ రోజూ అబద్ధం చెప్పే బోర్డే అవుతుంది. కవిత గారి "పైన" అన్న రెండక్షరాలు ఎంత అవసరమో చూడండి.

రాయిలో లోపం ఏమిటంటే, అది లోతు చెప్తుంది, కింద పలక ఉందో లేదో చెప్పదు. నీళ్లు పైనుంచి దూకేటప్పుడు దిగువ అంచున మట్టిని కోసేస్తాయి. పలక కింద డొల్ల పడుతుంది. ఒక రాత్రి ఆ అంచు విరిగి కూర్చుంటుంది. పైన ఎర్రనీళ్లు జానెడే ఉంటాయి, లోపల గొయ్యి నిలువెత్తు ఉంటుంది.

చేపలపులుసు
బైకులూ కార్లూ సరే, ట్రాక్టర్‌కి ఏం కాదు కదా. బరువుంటే కొట్టుకుపోదు. మా వాళ్లు చాలాసార్లు దాటించారు.

సుధ_సైటు
బరువు కొంతవరకు నిజమే. కానీ ట్రాక్టర్ పెద్ద టైర్ల నిండా గాలే, ట్రక్కు ఖాళీగా ఉంటే అది పడవే. అమెరికా వాతావరణ శాఖ వాళ్లు జనానికి చెప్పే లెక్క ఇది: వేగంగా పారే నీళ్లు ఆరంగుళాలుంటే మనిషిని పడేస్తాయి, అడుగుంటే చాలా కార్లను జరిపేస్తాయి, రెండడుగులుంటే దాదాపు ఏ బండినైనా లాక్కుపోతాయి. మీవాళ్లు చాలాసార్లు దాటించారంటే ఆ రోజుల్లో పలక విరగలేదని మాత్రమే.

కావలి_కవిత
మా చిన్నాన్న ఇట్లాంటి చోటే పడ్డాడు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయిగా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజులు. చిన్నాన్నది ఆ ఊరు కాదు, లోపల ఇంకో వాగు. మోకాలి కిందికే ఉన్నాయి కదా అని బండి దించాడు. సగంలో ముందు చక్రం జారింది. బండి పోయింది, ఆయన దిగువన తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని నలభై నిమిషాలు వేలాడాడు. ముళ్లు గుచ్చుకున్న మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి చేతుల మీద.

అక్కడా బోర్డు ఉంది. "ప్రమాదం" అని ఒకే మాట. దేని ప్రమాదం? మలుపా, గొయ్యా, వాగా? చిన్నాన్న అన్నది ఇదీ: "అది ఎండాకాలంలోనూ ప్రమాదం అనే ఉంటది, నేనెందుకు పట్టించుకుంటా."

బ్రిస్బేన్_నెల్లూరు
మూడేళ్లుగా క్వీన్స్‌లాండ్‌లో ఉంటున్నా. ఇక్కడ కూడా ఊళ్ల బయట చప్టాలే ఎక్కువ, వరదలూ ఎక్కువే. చాలాచోట్ల బోర్డు మీద దాటొద్దని ఉండనే ఉండదు. "రోడ్ సబ్జెక్ట్ టు ఫ్లడింగ్, ఇండికేటర్స్ షో డెప్త్" అని ఉంటుంది. అంటే ఈ రోడ్డు మునిగే రోడ్డు, లోతు ఆ కర్రల మీద చూసుకో అని. పక్కనే మీటర్లలో గీతలున్న కర్రలు పాతి ఉంటాయి. నిర్ణయం నీది. అది ఎండాకాలంలోనూ అబద్ధం కాదు. విడిగా ప్రచారంలో మాత్రం "ఇఫ్ ఇట్స్ ఫ్లడెడ్, ఫర్గెట్ ఇట్" అంటారు.

దాన్ని మనం "ఈ రోడ్డు మునుగుతుంది" అంటే సరిపోదా? షరతూ అక్కర్లేదు, వద్దూ అక్కర్లేదు.

వాగు_అవతల
"ఈ రోడ్డు మునుగుతుంది" అంటే ఎప్పుడు, ఇప్పుడా? బండి మీద వచ్చేవాడు వెనక్కి చూసుకుంటాడు.

మాలకొండ_మాస్టారు
ఇది మాత్రం ఒప్పుకోవాలి. మన "మునుగుతుంది"లో అలవాటూ ఉంది, రేపు జరగబోయేదీ ఉంది. "ఎద్దు పొడుస్తుంది" అంటే పొడిచే అలవాటున్న ఎద్దు, ఇప్పుడు పొడవబోతున్న ఎద్దు, రెండూ. ఎదురుగా ఎద్దు ఉంటే తెలుస్తుంది. బోర్డు మీద తెలియదు. "వానకు మునిగే రోడ్డు" అంటే అలవాటు మాత్రమే మిగులుతుంది.

బ్రిస్బేన్_నెల్లూరు
"వానకు మునిగే రోడ్డు". మాస్టారూ, ఇది నాకు నచ్చింది. ఎనిమిది అక్షరాలే.

చేపలపులుసు
మా వీధి చివర ఈ బోర్డు పెట్టొచ్చు. వాన కూడా అక్కర్లేదు, పక్కింటాయన కారు కడిగితే చాలు.

రూటు_చెప్తా
ఇంగ్లీషు వాళ్లూ ఇట్లాగే తప్పులు చేస్తారుగా. వేల్స్‌లో స్వాన్సీ దగ్గర లారీలు రాకూడదని బోర్డు వెయ్యాల్సి వచ్చి అనువాదకుడికి మెయిల్ పెట్టారు. ఆయన ఆఫీసులో లేడు. "నేను ఆఫీసులో లేను, అనువాదం పని ఏమన్నా ఉంటే పంపండి" అని వెల్ష్‌లో ఆటోమేటిక్ జవాబు వచ్చింది. అదే అనువాదం అనుకుని బోర్డు మీద ఎక్కించి నిలబెట్టేశారు. 2008లో పేపర్లన్నిట్లో వచ్చింది.

రేడియం_బాషా
నవ్వుతున్నా గానీ గుండె దడగా ఉంది. చదవరాని భాషలో మేటర్ వస్తే నేనూ వచ్చింది వచ్చినట్టే కట్ చేస్తా. తెలుగులోనే ఫోన్లో వచ్చిన అక్షరాలు మా అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు విడిపోతాయి, మళ్లీ టైపు కొట్టాలి. అర్జెంటులో కొట్టేటప్పుడు ఒక మాట పోయినా ఎవరికీ తెలీదు.

సుధ_సైటు
ఇప్పుడు మాటల దగ్గరికి వస్తా. బండోడు గారు అడిగిన దాంట్లో చోటు ఒకటే కాదు, టైము కూడా ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అమెరికాలో ఒక లెక్క వాడతారు: అంగుళం ఎత్తుకి ముప్పై అడుగుల దూరం నుంచి చదవొచ్చని. బాషా గారి నాలుగంగుళాల అక్షరం నూట ఇరవై అడుగుల నుంచి, అంటే ముప్పై ఆరు మీటర్ల నుంచి కనపడాలి. నలభై మీద పోయే బండి సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది. మూడు సెకన్లు, అంతే. మన అక్షరాల్లో గుండ్రాలూ వత్తులూ ఉన్నాయి కాబట్టి ఇంకా తక్కువే అనుకోండి. ఆ మూడు సెకన్లలో చదివి, అర్థం చేసుకుని, బ్రేకు కూడా వెయ్యాలి. రాత్రి వానలో అయితే చెప్పేదేముంది.

అందుకని మాస్టారి పదిహేడు అక్షరాలకి పెద్ద బోర్డు పెట్టినా లాభం లేదు. పడతాయి, కానీ కళ్లకి అందవు. అందులోనూ మన వాక్యంలో వద్దు అన్న మాట చిట్టచివర వస్తుంది. ఇంగ్లీషులో "నో", "డు నాట్" ముందే వచ్చేస్తాయి, మిగతాది చదవకపోయినా చెయ్యి బ్రేకు మీదికి పోతుంది. మనం చివరిదాకా చదివితే గానీ దాటమంటున్నాడో వద్దంటున్నాడో తెలియదు.

కావలి_కవిత
ఇది కళ్లారా చూశా. మా దగ్గర ఒక వన్‌వే మొదట్లో "ప్రవేశము" ఒక లైను, "లేదు" కింది లైను. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కింది లైను మీద కట్టారు. వారం రోజులు "ప్రవేశము" అంటూ ఆహ్వానం పలికింది బోర్డు. పైన ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతున్న అన్న.

ఉలవపాడు_మామిడి
హైవే పక్కన చూశా, "పనులు జరుగుచున్నవి నెమ్మదిగా". మనల్ని నెమ్మదిగా పొమ్మన్నారో, పనుల సంగతి చెప్పారో ఆర్నెల్లు తెలీలేదు. తర్వాత తెలిసింది, రెండోదే.

రేడియం_బాషా
కవిత గారు చెప్పింది మాకు రోజూ అనుభవమే. బోర్డులో ముందు పోయేది కింది లైనే. బురద చిమ్మేది కిందే, గేదెలు రుద్దుకునేది కిందే, ఫ్లెక్సీ కట్టేది కిందే. మన తెలుగులో అసలు మాట ఉండేదీ కిందే.

కనిగిరి_బండోడు
అయితే వద్దు అనేదే తీసేసి "పైన నీళ్లు పారుతుంటే ఆగండి" అంటే? కింది లైను పోయినా "పైన నీళ్లు పారుతుంటే" మిగులుతుంది, చదివినవాడు ఏదో ప్రమాదం అని ఆగుతాడు. పై లైను పోతే "ఆగండి" మిగులుతుంది, ఆగుతాడు. ఎటు పోయినా మనిషి బతుకుతాడు.

సుధ_సైటు
ఆలోచన బాగుంది. కానీ "ఆగండి" అంటే ఎంతసేపు? క్రాస్‌రోడ్డులో ఎర్ర ఎనిమిది మూలల బోర్డు మీద "ఆగుము" అని ఉంటుంది. అక్కడ ఆగి, అటూ ఇటూ చూసి పోవాలి. అదే అలవాటుతో ఇక్కడా ఆగి, చూసి, "మోకాలి కిందే ఉన్నాయి" అనుకుని దిగుతాడు. కవిత గారి చిన్నాన్న కూడా ఒక నిమిషం ఆగే ఉంటాడు.

కావలి_కవిత
ఆగాడు మేడం. సిగరెట్ కూడా తాగాడట.

మాలకొండ_మాస్టారు
"నీరు తగ్గేదాకా ఆగండి". దాకా అంటే హద్దు వచ్చేసింది కదా.

వాగు_అవతల
తగ్గేదాకా అంటే ఎంత తగ్గేదాకా? మళ్లీ మా రాయి దగ్గరికే వచ్చారు మాస్టారు.

బ్రిస్బేన్_నెల్లూరు
అందుకే అమెరికాలో "వెనక్కి తిరుగు" అని సూటిగా చెప్తారు, "టర్న్ అరౌండ్, డోంట్ డ్రౌన్" అని ప్రచారమే ఉంది. "నీళ్లు పారుతుంటే వెనక్కి తిరగండి".

వాగు_అవతల
అన్నా, చీకటిపడి ఇంటికి పోయేవాడికి ఇల్లు వాగవతల ఉంటే వెనక్కి తిరిగి ఎక్కడికి పోతాడు? వేరే దారి ఉందని తెలిస్తే తిరుగుతాడు. బండోడికి ఆ పద్నాలుగు కిలోమీటర్ల దారి ఎవరు చెప్పారు?

కనిగిరి_బండోడు
వెనక్కి మూడు కిలోమీటర్లు వచ్చాక కూడలిలో టీకొట్టు ఆయన.

సుధ_సైటు
అసలు బోర్డు ఉండాల్సింది ఆ టీకొట్టు దగ్గర. వాగు అంచున బోర్డు చదివేటప్పటికి మనిషి వచ్చేశాడు. ముందు నీళ్లు, వెనక మూడు కిలోమీటర్లు, పైన వాన. అప్పుడు ఏం రాసినా దాటడానికే మనసు లాగుతుంది. కూడలిలో అయితే ఇంకా ఏదీ పోలేదు. అక్కడ బండి ఎలాగూ నెమ్మదిస్తుంది కాబట్టి ఎక్కువ మాటలు కూడా రాసుకోవచ్చు: "3 కి.మీ. ముందు చప్టా. వానలకు మునుగుతుంది. మునిగితే" అని వేరే ఊరి పేరు, బాణం గుర్తు. వాగు దగ్గర పొట్టిది, కూడలి దగ్గర పొడుగుది. ఒకే బోర్డు మీద రెండు పనులూ చేయించాలనుకోవడం వల్లే ఈ కోతలన్నీ.

రేడియం_బాషా
మేడం, రెండో బోర్డుకి ఎస్టిమేటులో డబ్బులుండవు.

సుధ_సైటు
తెలుసు. నేను పెట్టమని రాసిన రెండు కూడా కొట్టేశారు.

మాలకొండ_మాస్టారు
వాగు దగ్గరి పొట్టి బోర్డు సంగతి తేల్చండి. "పైన నీరు పారునపుడు దాటరాదు". పదమూడు అక్షరాలు, వత్తు ఒక్కటీ లేదు. బాషా, ఇది పడుతుందా?

రేడియం_బాషా
హాయిగా పడుతుంది మాస్టారూ. వత్తుల్లేవు కాబట్టి అక్షరం ఐదంగుళాలు చేసినా పడుతుంది.

కావలి_కవిత
వత్తు లేకుండా రాయడం మాస్టారి దెబ్బ! అయినా నా ఓటు "దాటొద్దు"కే. "రాదు" బోర్డుల్ని దాటి దాటి జనానికి అలవాటైపోయింది. "దాటొద్దు" అంటే ఎవరో పక్కనుంచి చెప్పినట్టు ఉంటుంది.

మాలకొండ_మాస్టారు
అందుకే వినరు. ఇంట్లో వాళ్ల మాట ఎవరు విన్నారు.

చేపలపులుసు
మాస్టారి ఇంట్లో ఏదో జరిగింది.

కనిగిరి_బండోడు
ఇవాళ మళ్లీ అటు పోయొచ్చా. (ఎందుకని అడగొద్దు. వాగు_అవతల అన్నకి తెలుసు.) ఈసారి బోర్డు దగ్గర ఆగి తీరిగ్గా చూశా. "చప్టా దాటరాదు" పైన ఎవరో బొగ్గుతో పెద్దగా "నీళ్లొస్తే" అని రాశారు. దస్తూరి పిల్లలది. నాలుగక్షరాలు కూడా లేవు. నీళ్లొస్తే చప్టా దాటరాదు. సున్నం రాయి కూడా చూశా, సగం దాకా పాత బురద గీత ఉంది.

వాగు_అవతల
అది మా అన్న కూతురు రాసింది, ఐదో తరగతి. నిన్న ఎవరో కారువాళ్లు బోర్డు చూసి తిరిగిపోతుంటే కేకేసి పిలిచిందంట, వినలేదంట. ఇంటికొచ్చి పొయ్యిలో బొగ్గు తీసుకుపోయింది.

సుధ_సైటు
"వస్తే" అంటే తూముల కింద వచ్చినా వచ్చినట్టే. "పైన" లేదు.

వాగు_అవతల
చెప్తా మేడం. కానీ వానొస్తే బొగ్గు నిలవదు.

రేడియం_బాషా
వచ్చే వారం పామూరులో పనుంది. కొలత చెప్పండి, ఒక ముక్క షీటు మిగిలే ఉంది. "పైన నీళ్లు పారితే" దాని పైన అతికించి పోతా. "పారితే"నా "పారుతుంటే"నా, అది మాత్రం ముందే తేల్చండి, కట్ చేశాక మార్చను.

మాలకొండ_మాస్టారు
"పారునపుడు".

కావలి_కవిత
"పారుతుంటే".